టెంపో ట్రావెలర్ బాడుగ: ప్రకటనలో రాసేది, బిల్లులో వచ్చేది

పెళ్లిళ్ల కాలం వస్తే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి బస్టాండుల దగ్గర గోడల మీద ఒకే రకం ప్రకటనలు కనబడతాయి. "టెంపో ట్రావెలర్ బాడుగకు దొరుకును. 12 సీట్లు, ఏసీ, కి.మీ.కి 20 రూపాయలు. పెళ్లిళ్లకు, తిరుపతి యాత్రలకు సంప్రదించండి." ఈ ఒక్క వాక్యం చూసి అడ్వాన్సు ఇచ్చి, తిరిగి వచ్చాక బిల్లు దగ్గర గొడవపడిన కుటుంబాలు మా సంఘానికి వస్తూనే ఉన్నాయి. చాలాసార్లు యజమాని మోసం చేసింది ఉండదు. ప్రకటనలో రాయని షరతులే బిల్లులో కనబడతాయి. అవి ఏవో ఇక్కడ వివరిస్తున్నాము. రేట్లు బండిని బట్టి, సీజనును బట్టి మారుతాయి కాబట్టి ఇక్కడి అంకెలను లెక్క అర్థం కావడానికి మాత్రమే తీసుకోండి.

ముందు సీట్ల సంగతి. టెంపో ట్రావెలర్ అనే పేరు బజాజ్ టెంపో కంపెనీ బండి నుంచి వచ్చింది. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారినా, మన వైపు అందరూ పాత పేరే వాడతారు. డ్రైవర్లు పొట్టిగా టీటీ అంటారు. 12+1 అంటే ప్రయాణికులు పన్నెండు మంది, డ్రైవరు ఒకరు. కొందరు ఇదే బండిని "13 సీటర్" అని రాస్తారు. అది నమ్మి పదమూడు మందిని పిలిస్తే ఒకరికి సీటు ఉండదు. ఆర్.సి.లో రాసిన సంఖ్య కంటే ఎక్కువ మందిని ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 194ఎ సెక్షను కింద అదనపు మనిషికి 200 రూపాయల చొప్పున జరిమానా పడుతుంది. జరిమానా చిన్నదే. కానీ ఎక్కువైన వాళ్లను దించి, వాళ్లకు వేరే బండి చూసేదాకా బండిని కదలనివ్వకూడదని కూడా అదే సెక్షను చెబుతుంది. ముహూర్తానికి వెళ్లేవాళ్లకు అసలు కష్టం అదే.

సామాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పన్నెండు మంది కూర్చున్నాక లోపల పెద్ద పెట్టెలకు చోటు ఉండదు. పెళ్లి సారె, పాత్రలు ఉంటే బండి పైన క్యారియర్ ఉందా అని అడగండి. లేకపోతే వెనక వరుస సామానుకే పోతుంది. అప్పుడు పన్నెండు సీట్ల బండిలో తొమ్మిది, పది మందే ప్రయాణించగలరు.

ఇక రేటు. కి.మీ.కి 20 అన్న మాట వెనక మూడు షరతులు ఉంటాయి. మొదటిది రోజుకు కనీస కిలోమీటర్లు. బయటి ఊళ్ల ప్రయాణానికి సాధారణంగా 250 లేదా 300 పెడతారు. అంతకంటే తక్కువ తిరిగినా ఆ కనీసానికి డబ్బు కట్టాలి. రెండవది రోజు లెక్క. మనం 24 గంటలు ఒక రోజు అనుకుంటాము. బాడుగలో చాలామంది అర్ధరాత్రి 12 నుంచి మళ్లీ అర్ధరాత్రి 12 వరకు ఒక రోజుగా లెక్కిస్తారు. మూడవది షెడ్డు నుంచి షెడ్డు లెక్క. బండి మన ఇంటి ముందుకు వచ్చినప్పటి నుంచి కాక, తన షెడ్డు వదిలినప్పటి నుంచి తిరిగి షెడ్డు చేరేదాకా మీటరు తిరుగుతుంది.

మా దగ్గరకు వచ్చిన ఒక బిల్లు చూడండి. చింతామణి కుటుంబం వాళ్లు పెళ్లయ్యాక కొత్త దంపతులతో తిరుమలకు వెళ్లాలనుకున్నారు. మదనపల్లె మీదుగా తిరుపతికి దాదాపు 180 కి.మీ., కొండ పైకి మరో 20. రానుపోను 400. కి.మీ.కి 20 చొప్పున 8,000, డ్రైవరు బాటా 500, మొత్తం 8,500 అవుతుందని లెక్క వేసుకున్నారు. బండి మాత్రం చిక్కబళ్ళాపురంది. శనివారం రాత్రి 9 గంటలకు షెడ్డు వదిలి, ఆదివారం రాత్రి 11కి తిరిగి చేరింది. రెండు షెడ్డు ప్రయాణాలకు సుమారు 80 కలిపి మీటరులో 480 కి.మీ. తిరిగింది. కానీ తేదీ మారింది కాబట్టి రెండు రోజులు. రోజుకు 300 చొప్పున 600 కి.మీ.కి 12,000, బాటా రెండు రోజులకు 1,000. బిల్లు 13,000 అయింది. టోలు, పార్కింగు వేరు. ప్రయాణం 26 గంటలే, అయినా 4,500 తేడా వచ్చింది. బిల్లు కట్టే సమయానికి మగపెళ్లివారు కూడా అక్కడే ఉన్నారు. ఆడపిల్ల తండ్రి వాళ్ల ముందు వాదించలేక, అప్పటికప్పుడు బంధువు దగ్గర చేబదులు తెచ్చి ఇచ్చాడు.

ఇదే ప్రయాణానికి చింతామణిలోనే ఉండే బండి మాట్లాడుకుని, ఆదివారం తెల్లవారుజామున 4కి బయలుదేరి అదే రాత్రి 10కి ఇల్లు చేరి ఉంటే షెడ్డు దూరం ఉండేది కాదు. ఒకటే రోజు అయ్యేది. 400 కి.మీ. కనీసం కంటే ఎక్కువే కాబట్టి అనుకున్న 8,500తోనే సరిపోయేది. అయితే ఈ పొదుపుకు ఒక హద్దు ఉంది. రోజు కలిసి రావాలని అర్ధరాత్రి దాటగానే బయలుదేరి, మళ్లీ అర్ధరాత్రి లోపు రమ్మంటే అది డ్రైవరు నిద్ర మీద చేసే పొదుపు. మీరు దర్శనంలో ఉన్న సమయంలో ఆయన నాలుగైదు గంటలు పడుకునేలా చూడండి. వీలు కాదంటే రెండు రోజుల బాడుగ కట్టడమే మేలు. రాత్రి ఘాట్ రోడ్డు మీద డ్రైవరు మాటిమాటికీ కళ్లు నులుముకుంటున్నా, పక్కకు ఒరుగుతున్నా బండి ఆపించి టీ తాగించండి, కాసేపు పడుకోనివ్వండి.

ఊళ్లోనే కళ్యాణ మంటపానికి బంధువులను తిప్పడానికైతే కి.మీ. రేటు మాట్లాడుకోవద్దు. దానికి 8 గంటలు, 80 కి.మీ. లాంటి ప్యాకేజీ ఉంటుంది. గంట దాటితే ఎంత, కి.మీ. దాటితే ఎంత అని ముందే అడగండి. పెళ్లిలో దాటేది కిలోమీటర్లు కాదు, గంటలు.

సరిహద్దు దాటే మనకు పర్మిటు మాట ముఖ్యం. బాగేపల్లి నుంచి లేపాక్షికి పోయినా, కదిరికి పోయినా రాష్ట్రం మారుతుంది. బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిటు ఉందా, లేకపోతే ఆంధ్ర పర్మిటు, పన్ను ఎవరు కట్టాలి అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకోవాలి. నంబరు ప్లేటు పసుపుపచ్చగా, అంకెలు నల్లగా ఉండాలి. వైట్ బోర్డు బండి చౌకగా వస్తుందని తీసుకుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. ప్రమాదం జరిగితే బాడుగకు తిప్పారన్న కారణం చూపి ఇన్సూరెన్సు కంపెనీ పరిహారానికి అడ్డు చెప్పవచ్చు.

బండి యజమానులు మమ్మల్ని ప్రకటన రాసి ఇమ్మంటే, మేము ఈ విధంగా రాసి ఇస్తున్నాము:

"టెంపో ట్రావెలర్, 12+1 సీట్లు, ఏసీ, పైన క్యారియర్. బండి ఉండు ఊరు: చింతామణి. బయటి ఊళ్లకు కి.మీ.కి రూ. 20, రోజుకు కనీసం 300 కి.మీ. రోజు అనగా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. కి.మీ. లెక్క షెడ్డు నుంచి షెడ్డుకు. డ్రైవరు బాటా రోజుకు రూ. 500. టోలు, పార్కింగు బాడుగకు తీసుకున్నవారివి. ఎల్లో బోర్డు, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిటు కలదు. ఊళ్లో పెళ్లిళ్లకు 8 గంటల, 80 కి.మీ. ప్యాకేజీ వేరు."

ఇన్ని వివరాలు లేని ప్రకటన చూసి బండి మాట్లాడుకునేవాళ్లు, లేని వాటిని ఫోనులో ఒక్కొక్కటిగా అడిగి, జవాబులను అడ్వాన్సు రసీదు వెనక రాయించుకోండి. బండి షెడ్డు వదిలేటప్పుడు మీటరు ఫోటో తీసి పంపమని యజమానిని అడగండి. ఇంటి ముందు ఎక్కేటప్పుడు మీరూ ఒక ఫోటో తీసుకోండి. ఆ రెండు ఫోటోల మధ్య తేడానే మీరు కట్టే షెడ్డు దూరంలో ఒకవైపుది.