గ్రంథాలయ ప్రారంభోపన్యాసం (తెలుగు ప్రాంతాలు)

కొత్త గ్రంథాలయాన్ని తెరిచేటప్పుడు అది ఎందుకు పెట్టారో, ఎవరికి పనికొస్తుందో సభకు చెప్పే ప్రసంగం ఇది. తాళపత్ర భాండాగారాలు రాజులవీ మఠాలవీ కావడంతో, ఊరి జనాన్ని పిలిచి వివరించే అవసరం అనేక శతాబ్దాలపాటు రాలేదు.

హైదరాబాదులో ఆ అవసరం 1901లో గట్టిగా వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వెనక నిలిచారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. జనంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగైనా, ఆ చదువుతో కొలువు దొరికేది కాదు. అలాంటప్పుడు తెలుగు పుస్తకాలకు ఒక ఇల్లెందుకు అన్న ప్రశ్నకు నిర్వాహకులు జవాబు చెప్పుకోవాలి. ఉద్యోగం ఆశ చూపే వీలు లేదు కనుక, భాషాభిమానం, చరిత్ర పరిశోధన ముందుకొచ్చాయి. పేరులో కృష్ణదేవరాయలు ఉండటమే సగం ఉపన్యాసం. రంగారావు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ సొంత భవనానికి విరాళమిచ్చారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది.

తర్వాత అడ్డంకి మరో రూపంలో వచ్చింది. నిజాం ప్రభుత్వ ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. గ్రంథాలయ సభల్లో సాహిత్యం, విద్య ముందుండి రాజకీయం చాటున ఉండటానికి ఇదొక కారణం.

కోస్తాలో గొంతు స్వేచ్ఛగా ఉండేది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. పాఠకుణ్ణి వెతుక్కుంటూ పోయిన చక్కని ప్రయత్నం మాత్రం 1935 నాటిది. పాతూరి నాగభూషణం కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. గంటలకొద్దీ కూర్చునే పడవ ప్రయాణికులే దాని పాఠకులు. ఎవరికోసమన్నది వేరే చెప్పనక్కర్లేదు.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో వేదిక మీదికి మంత్రి, కలెక్టరు, జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడు వచ్చారు. చందాల జాబితా స్థానంలో శిలాఫలకం వెలిసింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. బాన్సువాడ ప్రాంతంలో మంజీర ఒడ్డునున్న బీర్కూర్ లాంటి మండల కేంద్రంలో అది పంచాయతీ వసూలుచేసి జిల్లా సంస్థకు కట్టాలి. 2016 దాకా ఆ జిల్లా నిజామాబాదు, ఇప్పుడు కామారెడ్డి.

చిక్కంతా ఇక్కడే. వసూలైన సెస్సు స్థానిక సంస్థల ఖాతాల్లోనే నిలిచిపోవడం పాత ఫిర్యాదు. ఉపన్యాసంలో మాట ఇచ్చిన పుస్తకాలు కొనేది ప్రధానంగా ఆ డబ్బుతోనే. అది రాకపోతే పొద్దున పత్రికలు తిరగేసే పెద్దలకు ఇబ్బంది ఉండదు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే కుర్రాళ్లకు మాత్రం బీరువాలో పాత సిలబస్ పుస్తకాలే మిగులుతాయి. వాళ్లు తమ పుస్తకాలు సంచిలో తెచ్చుకుని, బల్ల, ఫ్యాను కోసం వస్తారు. అందుకే ఇటీవలి ప్రసంగాల్లో గ్రంథాల సంఖ్యతో పాటు రీడింగ్ హాలు, కుర్చీలు, తెరిచి ఉంచే వేళల ప్రస్తావన పెరిగింది.