పెళ్లికొడుకు ఏమంటాడు?

ఇప్పుడు వరుడికి ఇస్తున్న డబ్బు ఒకప్పుడు వధువు తండ్రికి ముట్టేది. విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు తేలాయని గురజాడ ‘కన్యాశుల్కం’ 1897 నాటి పీఠికలో రాశారు. ముగ్గురు పెళ్లికూతుళ్లకైతే అప్పటికి ఏడాదే వయసు. ఆ బేరంలో పిల్ల మాట అడిగినవారు లేరు.

పాతికేళ్లు గడిచేసరికి బేరం తిరగబడింది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకంలో అమ్ముడుపోయేది మగపిల్లవాడు. తండ్రికి కట్నం భారం కాకూడదని కాళింది ప్రాణం తీసుకుంటుంది. అదే వరుణ్ణి చెల్లెలు కమల చేసుకుంటుంది గానీ, డబ్బిచ్చి కొన్నాం కాబట్టి అతడే తమ ఇంటికి రావాలంటుంది. 1939లో ఇది సినిమాగా వచ్చింది.  బేరమంతా వరుడి పెంపుడు తండ్రి సింగరాజు లింగరాజు ఆడినా, కమల నిలదీసింది వరుణ్ణే. ఆమె లెక్క సరైనదే.

మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద మాగాణి ఉన్న ఇళ్లలో కట్నం మాట ఎకరాల దాకా పోతుంది. పసుపు కుంకుమ కింద పొలం, పైన బంగారం, బండి, ఆడబిడ్డ లాంఛనాలు. అడిగేది మేనమామో మధ్యవర్తో. అబ్బాయి మాత్రం ‘నాకేం వద్దు, పెద్దవాళ్ల ఇష్టం’ అంటాడు. ఈ మాటలో మొదటి సగం వినడానికి బాగుంటుంది. అతని నిర్ణయం మాత్రం రెండో సగంలో ఉంది.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కూడా, తాళి కట్టకముందు అడిగింది కట్నమెలా అవుతుందని వాదించినవారున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 1996లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. అక్కడ వరుడు ఐపీఎస్ అధికారి. సంబంధం ఖాయమయ్యాక, కారు కోసమంటూ నగదు కోరిక పెంచారని, దాంతో పెళ్లి ఆగిపోయిందని ఆరోపణ. పెళ్లికి ముందు అడిగినా నేరమేననీ, ‘వరుడు’ అన్న మాటలో కాబోయే వరుడూ ఉంటాడనీ కోర్టు స్పష్టం చేసింది. అయినా ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. ఆయనే అడిగారని సందేహాతీతంగా రుజువు కాలేదు.

గుట్టుగా, నోటిమాటగా సాగే బేరంలో చిక్కు ఇదే. అయితే 1985 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెళ్లి కానుకలకు జాబితా రాయాలి. వస్తువు, దాని సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం అందులో ఉండాలి. కింద వధువు, వరుడు ఇద్దరూ సంతకం చేయాలి. సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయిని ఆ సంతకం గురించి అడగండి. జవాబు కూడా అతని నోటితోనే వినండి, మధ్యవర్తితో కాదు.