చెమట ఆరితే ఎన్ని మార్కులు?

1912లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒక తమాషా చేశారు. ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని వందకు పైగా హైస్కూళ్లకు పంపి దిద్దమన్నారు. నూటికి 64 వేసినవారున్నారు, 98 వేసినవారున్నారు. ఇంగ్లీషు కదా అని కొట్టిపారేయకండి, మరుసటి ఏడు జామెట్రీ పేపరు పంపితే తేడా ఇంకా పెరిగింది! కొందరు రాత శుభ్రంగా లేదని మార్కులు కోస్తే, కొందరు దాన్ని పట్టించుకోలేదు. దేనికి మార్కో ముందుగా ఎవరూ అనుకోకపోవడమే అసలు సంగతి.

నేనుండే ఈ స్కార్‌బరో ఉన్న ఒంటారియోలో 1967 దాకా గ్రేడ్ 13కి ప్రభుత్వ పరీక్ష ఉండేది. వేసవిలో టీచర్లు టొరంటోలో చేరి పేపర్లు దిద్దేవారు. మన పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ లాంటిదే. అందరినీ ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన మార్కులు ఒకటవవు, చేతిలో ఒకే జాబితా ఉండాలి. అది ఎలా తయారవుతుందో చిన్న ప్రశ్నతో చూద్దాం.

"చెమట పడితే ఒళ్లు ఎందుకు చల్లబడుతుంది?" రెండు మార్కులు. ముందు మార్కుకో భావం రాసుకోవాలి: చెమట ఆవిరవుతుంది (1), అందుకు కావలసిన వేడిని ఒంటి నుంచి తీసుకుంటుంది (1). ఇక్కడితో ఆగితే పాఠ్యపుస్తకం బట్టీపట్టినవాడికే మార్కులు. అందుకని ఓ ముప్పై నలభై పేపర్లు తీసి, పిల్లలు నిజంగా ఏం రాశారో చదవాలి. "బాష్పీభవనం" అన్నవాడికీ, "చెమట ఆరిపోతుంది" అన్నవాడికీ మొదటి మార్కు ఒకటే. "చెమట చల్లగా ఉంటుంది కాబట్టి" అన్నదానికి సున్నా, ఇది కూడా జాబితాలో రాయాలి. రాయకపోతే జాలిపడి అర మార్కు వేసేవారు తప్పక ఉంటారు.

ఇక చిక్కు ఎక్కడంటే, "బాష్పీభవనం వల్ల ఒంట్లోకి వేడి వస్తుంది" అని ఒకడు రాస్తాడు. మాటలు రెండూ ఉన్నాయి, అర్థం తలకిందులు. మొదటి మార్కు ఇచ్చి, రెండోది ఇవ్వకూడదు. అంటే మాటను వెతకడం కాదు, మాట ఏం చెబుతోందో చూడాలి.

తర్వాత ఇద్దరు దిద్దేవారికి అవే పేపర్లు ఇచ్చి, ఒకరి మార్కులు ఒకరికి కనపడకుండా దిద్దించాలి. మార్కులు కలవని పేపర్లే జాబితాలోని కంతలు చూపిస్తాయి. ఒకరు "వేడి పోతుంది"కి మార్కు ఇచ్చి, మరొకరు ఇవ్వకపోతే, ఎక్కడి నుంచి పోతుందో చెప్పాలా వద్దా అన్నది అప్పుడే తేల్చి రాసుకోవాలి.

అసలు దిద్దుడు మొదలయ్యాక కొత్త మాట ఒప్పుకుంటే, అంతకుముందు దిద్దిన కట్టలన్నీ మళ్లీ విప్పాలి. అందరికీ విసుగే. కానీ విప్పకపోతే, పొద్దున దిద్దిన పేపరువాడికి సున్నా, అదే మాట రాసినా మధ్యాహ్నంవాడికి ఒకటి. స్టార్చ్, ఇలియట్ చూసిన తేడా మళ్లీ మన ముందే తయారు.