నార్కోలెప్సీ

నార్కోలెప్సీ మెలకువనూ నిద్ర దశల క్రమాన్నీ అదుపు చేసే మెదడు వ్యవస్థ దెబ్బతినడం వల్ల కలిగే దీర్ఘకాలిక నాడీ వ్యాధి. ఫ్రెంచి వైద్యుడు జెలినో 1880లో దీనికి ఈ పేరు పెట్టాడు.

మొదటి రకంలో, హైపోథలామస్‌లో ఒరెక్సిన్‌ను తయారుచేసే నాడీకణాలు చాలావరకు నశిస్తాయి. 1998లో కనుగొన్న ఈ పదార్థం మెలకువ కేంద్రాలను నిలకడగా ఉత్తేజపరుస్తూ రెమ్ నిద్రను అడ్డుకుంటుంది. అది లోపిస్తే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంది. పకపకా నవ్వినప్పుడు స్పృహ ఉండగానే మోకాళ్లు పట్టు తప్పవచ్చు. దీన్ని క్యాటప్లెక్సీ అంటారు.

సాధారణ నిద్ర తేలికపాటి నాన్-రెమ్ దశతో మొదలై గాఢ దశకు చేరుతుంది. తొలి రెమ్ సుమారు 90 నిమిషాలకు వస్తుంది. నార్కోలెప్సీలో నిద్రపట్టిన 15 నిమిషాల్లోపే రెమ్ రావచ్చు. రెమ్‌లో ఉండే కలలూ కండరాల సడలింపూ మెలకువ అంచులోకి చొరబడటంతో భ్రాంతులు, నిద్ర పక్షవాతం కలుగుతాయి.

నిర్ధారణకు, రాత్రి నిద్రను నమోదు చేసిన మర్నాడు రెండేసి గంటల ఎడంతో ఐదుసార్లు కునుకు తీయిస్తారు. సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టి, రాత్రి నిద్రతో కలిపి కనీసం రెండుసార్లు త్వరిత రెమ్ కనిపించాలి. నిద్రలేమి, రాత్రి షిఫ్టుల వల్లా ఇదే ఫలితం రావచ్చు. వెన్నుద్రవంలో ఒరెక్సిన్ మిల్లీలీటరుకు 110 పికోగ్రాములకు మించకపోవడం మొదటి రకానికి బలమైన ఆధారం.