బెర్లిన్ క్లోరల్ నుంచి ఎమ్మారై గది దాకా

1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైఖ్ అనే వైద్యుడు ఒక లెక్క వేసుకున్నాడు. క్లోరల్ హైడ్రేట్‌ను క్షారంలో కలిపితే విరిగిపోయి క్లోరోఫామ్ వస్తుంది. మనిషి రక్తం కూడా కొద్దిగా క్షారగుణం ఉన్నదే. కాబట్టి క్లోరల్ తాగిస్తే ఒంట్లోనే కొంచెం కొంచెంగా క్లోరోఫామ్ ఊరాలి, రోగి నిద్రపోవాలి. తాగించి చూశాడు. నిద్రపోయారు. లెక్క మాత్రం తప్పు. రక్తంలో క్లోరోఫామ్ పుట్టనే లేదు. ఒంట్లో ఆ మందు ట్రైక్లోరోఎథనాల్‌గా మారుతుందనీ, నిద్ర పుచ్చేది అదేననీ గట్టిగా తేలేసరికి 1948 వచ్చింది. ఈలోగా దాదాపు ఎనభై ఏళ్లపాటు ఎందుకు పనిచేస్తుందో సరిగ్గా తెలియకుండానే లోకమంతా క్లోరల్ తాగింది.

క్లోరల్ చేదు. గొంతులో మండుతుంది, వాంతి తెప్పిస్తుంది. 1960ల్లో దాని దగ్గరి బంధువు ట్రైక్లోఫాస్ వచ్చింది. ఒంట్లోకి వెళ్లాక ఇదీ అదే ట్రైక్లోరోఎథనాల్‌గా మారుతుంది, కానీ రుచి కాస్త నయం. మన ఆసుపత్రుల్లో ఎమ్మారై, ఈఈజీ, వినికిడి పరీక్షల ముందు పిల్లలకు పట్టే నిద్రమందు సిరప్ చాలాచోట్ల ఇదే.

ఎమ్మారైకి నిద్ర ఎందుకంత అవసరమో చెప్పాలి. ఈ యంత్రంతో మనిషిని తొలిసారి స్కాన్ చేసింది 1977లో, ఆసుపత్రుల్లోకి వచ్చింది 1980ల్లో. ఇది కెమెరాలా క్షణంలో బొమ్మ తీయదు. నిమిషాల తరబడి సంకేతాలు పోగుచేసి, అన్నిటినీ కలిపి ఒక్క బొమ్మ కడుతుంది. బొమ్మలోని ప్రతి చుక్కలోనూ మొత్తం సంకేతాల పాలు ఉంటుంది. అందుకే పిల్లవాడు మధ్యలో ఒక్కసారి తల తిప్పినా ఆ వరస బొమ్మలన్నీ మసకబారతాయి, మళ్లీ మొదటినుంచి తీయాలి. మెదడు స్కాన్‌కు ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. గొట్టంలో చెవులు చిల్లులు పడే మోత. పెద్దవాళ్లే ఓర్చుకోలేని చోట రెండేళ్ల బిడ్డను కదలకుండా ఉండమంటే ఉంటుందా?

పది కిలోల బిడ్డను తీసుకుందాం. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలోకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెడితే 5 మిల్లీలీటర్లు. అరగంట నుంచి ముప్పావుగంటలో కునుకు పట్టాలి. పట్టకపోతే డాక్టరు ఇంకొంత ఇస్తారు, మొత్తం మీద కిలోకు 100 మిల్లీగ్రాములు దాటనివ్వరు. చిక్కంతా బిడ్డ సగం కక్కేసినప్పుడు వస్తుంది. లోపలికి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. కంగారుపడి పూర్తి మోతాదు మళ్లీ పడితే మొదటిదీ రెండోదీ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. ఈ మందును ఇంటి దగ్గర తాగించి తీసుకురమ్మనకూడదనడానికి ఇదొక కారణం.

ఇక మందుకు ముందు ఉంచే పస్తు. దీని మూలం పిల్లల వార్డులో లేదు, ప్రసూతి గదిలో ఉంది. న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి 1946లో ఒక వ్యాసం రాశాడు. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయినవాళ్లు 66 మంది. చనిపోయింది ఇద్దరు, ఇద్దరికీ అడ్డుపడింది గట్టి ఆహారమే. మామూలుగా పొలమారితే దగ్గి బయటపడతాం, మత్తులో ఆ దగ్గు మొద్దుబారుతుంది. ఆ వ్యాసం తర్వాత 'అర్ధరాత్రి దాటాక పచ్చి మంచినీళ్లు కూడా వద్దు' అనే మాట స్థిరపడిపోయింది. నీళ్లు కడుపులో ఎంతోసేపు నిలవవని తెలిశాక 1999లో అమెరికా అనస్థీషియా వైద్యుల సంఘం గంటలు విడదీసింది: నీళ్లకు రెండు, తల్లిపాలకు నాలుగు, పోతపాలకూ తేలికపాటి తిండికీ ఆరు, నూనె వంటలకు ఎనిమిది. ఈమధ్య యూరప్ వాళ్లు పిల్లలకు నీళ్లను గంట ముందు వరకూ ఇవ్వమంటున్నారు.

ఈ గంటలు లెక్కపెట్టాల్సింది స్కాన్ వేళ నుంచి కాదు, మందు పట్టే వేళ నుంచి. తొమ్మిదికి మందు పడితే గేదెపాలు తెల్లవారుజామున మూడుకు ఆఖరు, తల్లిపాలు అయిదుకు, నీళ్లు ఏడుకు. అసలు గోల అక్కడ లేదు. అత్యవసరం కేసు మధ్యలో దూరి తొమ్మిది కాస్తా పన్నెండు అవుతుంది. బిడ్డ ఆకలితో గుక్కపట్టి ఏడుస్తుంది, పెదవులు ఎండుతాయి. అప్పుడు కొత్త వేళ కనుక్కుని, రెండు గంటలు మిగిలి ఉంటే నీళ్లు పట్టించమని సిబ్బందే చెప్పాలి. చెప్పకపోతే తల్లి అడగాలి.

నిద్రలోకి జారిన బిడ్డను కనిపెట్టుకుని ఉండడం మరో కథ. జపాన్‌లో తకువో అయొయాగి 1970ల్లో కనిపెట్టిన పల్స్ ఆక్సీమీటర్‌ను కోవిడ్ మనందరికీ పరిచయం చేసింది. ఎమ్మారై గదిలోకి ఆ మామూలు క్లిప్ పనికిరాదు. లోహపు తీగ చుట్టలు చుట్టుకుని ఉంటే వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది. అందుకని ఆ గదికోసమే తయారైన, ఫైబర్ తీగలున్న క్లిప్ పెడతారు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో మత్తిచ్చి స్కాన్ చేస్తున్న ఆరేళ్ల బాబుకు ఆక్సిజన్ అవసరమై స్టీలు సిలిండర్ తెచ్చారు. ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతం దాన్ని లాక్కుంది, సిలిండర్ తలకు తగిలి బాబు చనిపోయాడు. గది బయట ఇప్పుడు కనిపించే ఎర్ర హెచ్చరికలు ఊరికే పెట్టినవి కావు.

ఊపిరి అడ్డుపడితే క్లిప్ కూడా ఆలస్యంగానే చెబుతుంది. ముందు గురక వస్తుంది, గడ్డం ఛాతీ మీదికి వాలుతుంది, పొట్ట ఎగిరి పడుతున్నా గాలి లోపలికి పోదు. ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఇస్తూ ఉంటే అంకె 98 దగ్గరే కాసేపు నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా జారుతుంది. ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీతను చూసేవాళ్లకు ముందే తెలుస్తుంది. భుజాల కింద మడిచిన గుడ్డ పెట్టి, గడ్డం పైకెత్తితే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది.

2000లో అమెరికాలో చార్లెస్ కోటే బృందం పిల్లల మత్తు ప్రమాదాలను ఏరి చూసింది. ఏదో ఒక మందే నేరస్థుడని తేలలేదు. మూడు నాలుగు మందులు కలిపి ఇచ్చినచోట, చూసే మనిషి లేనిచోట ఎక్కువ ముప్పు. కొందరు పిల్లలకు ఆసుపత్రి చేరకముందే, ఇంకొందరికి ఇంటికి పంపాక ప్రాణాల మీదికి వచ్చింది. ఇంటికి పంపాక వచ్చే ముప్పుకు ఒక కారణం లీబ్రైఖ్ మందులోనే ఉంది. ట్రైక్లోరోఎథనాల్ సగానికి తగ్గడానికే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది, పురిటిబిడ్డల్లో ఇంకా ఎక్కువ. గుచ్చితే కళ్లు తెరిచి ఏడ్చిన బిడ్డ, కారు సీటులో ఎవరూ పలకరించకపోతే మళ్లీ జోగుతుంది, తల ముందుకు వాలి ఊపిరి దారి మూసుకుంటుంది. అందుకే కదపకుండా, నిశ్శబ్దంగా ఉంచినా ఇరవై నిమిషాలు తనంతట తాను మెలకువగా ఉంటేనే పంపాలని పరిశోధకులు కొలత పెట్టారు. ఇంటికి వెళ్లేటప్పుడు బండి నడిపేవాళ్లు కాక ఇంకొకరు బిడ్డ ముఖం చూస్తూ పక్కన కూర్చోవాలి. ముందు గుక్కెడు నీళ్లు, అవి నిలిస్తే పాలు.

అనస్థీషియా డాక్టరు ఉన్నచోట సిరప్ వెనక్కి తగ్గుతోంది. 1986లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన పాలలాంటి తెల్లటి ప్రొపొఫాల్‌ను నరంలోకి ఎక్కిస్తే నిమిషంలో నిద్ర, ఆపితే కాసేపట్లో మెలకువ. ఊపిరిని ఆపేయగల మందు కాబట్టి ఊపిరి గొట్టం వేయగల చేయి పక్కనే ఉండాలి. ముక్కులో చుక్కలుగా వేసే డెక్స్‌మెడెటోమిడిన్ ఊపిరిని అంతగా ముట్టుకోదు, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మూడు నెలల లోపు పసికందులకైతే చాలాసార్లు మందే వద్దంటున్నారు. ఆకలి వేళకు రప్పించి, స్కాన్‌కు కాస్త ముందు కడుపునిండా పాలిచ్చి, చెవులు మూసి, గుడ్డలో బిగించి చుట్టి పడుకోబెడతారు.