దిమ్మె నుంచి పళ్ల చక్రం దాకా

చిన్నపిల్లల బడి పెట్టడానికి చాలా ఏళ్ల ముందు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో పనిచేశాడు. స్ఫటికాలను పరిశీలించి, ఆకారాన్నిబట్టి వరస పెట్టడం అక్కడి పని. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్ ఊళ్లో పిల్లల కోసం ఆటవస్తువులు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు ఆ చూపే అతనికి పనికొచ్చింది. వాటికి అతను ‘కానుకలు’ అని పేరు పెట్టాడు. మూడో కానుక రెండు అంగుళాల చెక్క ఘనం. విడదీస్తే అంగుళం చొప్పున ఎనిమిది బుల్లి ఘనాలవుతాయి. నాలుగో కానుక కూడా అంతే ఘనం, కానీ ఎనిమిది పలకలుగా కోసి ఉంటుంది. రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పెడితే సరిగ్గా అంగుళం ఎత్తు వస్తుంది, అంటే మూడో కానుకలోని ఘనమంత. దిమ్మెలు అంతకుముందూ ఉన్నాయి. ఒక పెట్టెలోని ముక్కకీ ఇంకో పెట్టెలోని ముక్కకీ లెక్క కుదర్చడమే ఇక్కడ విశేషం.

అయితే ఫ్రోబెల్ ఆటకి కట్టుబాట్లున్నాయి. పెట్టెలోని ముక్కలన్నీ వాడాలి, ఒక్కటి కూడా పక్కన పడేయకూడదు. ముక్కలు చిన్నవి, బల్లమీదే ఆట. అమెరికాలో కరోలిన్ ప్రాట్ ఈ పద్ధతి వదిలేసింది. ఆమె చెక్కపని నేర్చుకున్న మనిషి. న్యూయార్క్‌లో 1914లో తను మొదలుపెట్టిన బడి కోసం, నేలమీద కూర్చుని రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే దిమ్మెలు చేసింది. మూల దిమ్మె ఐదున్నర అంగుళాల పొడవు, అందులో సగం వెడల్పు, ఆ వెడల్పులో సగం మందం. మిగతా ముక్కలు దాదాపు అన్నీ దీని సగాలు, రెట్టింపులు, నాలుగింతలు. రంగుల్లేవు, బొమ్మల్లేవు. ఆమె దీనికి పేటెంట్ తీసుకోలేదు. అందుకే ఇవాళ ఎన్నో కంపెనీలు అవే కొలతలతో దిమ్మెలు చేస్తున్నాయి.

న్యూయార్క్‌లోనే శిశు పాఠశాల నడిపిన హారియెట్ జాన్సన్ ఈ దిమ్మెలతో పిల్లలు ఏం చేస్తున్నారో ఓపిగ్గా చూసి 1933లో రాసింది. ఆమె గమనించిన వరస ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండేళ్లలోపు పిల్లలు అసలు కట్టరు, దిమ్మెల్ని మోస్తారు. ఇక్కణ్నుంచి అక్కడికి, అక్కణ్నుంచి ఇక్కడికి. ఆ తర్వాత ఒకదానిమీద ఒకటి పేర్చడం, నేలమీద బారుగా పరచడం. మూడేళ్ల ప్రాంతంలో వంతెన వస్తుంది.

ఈ వంతెనను దగ్గర్నుంచి చూడాలి. రెండు దిమ్మెల్ని నిలబెట్టి మూడోదాన్ని అడ్డంగా వేయాలి. పాప మొదట కాళ్లను మరీ దూరంగా పెడుతుంది, పైది మధ్యలోంచి జారిపడుతుంది. మళ్లీ అంతే దూరంలో పెట్టి మళ్లీ వేస్తుంది, మళ్లీ పడుతుంది. కొన్నాళ్లకి పైదిమ్మెని ముందు నేలమీద పెట్టి, దాని రెండు కొసల దగ్గరా కాళ్లను నిలబెట్టి, అప్పుడు ఎత్తి పైన వేస్తుంది. కొలవడమంటే అదే. ఆ తర్వాత నాలుగువైపులా మూసిన గది. ఇది పెద్దవాళ్లకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, మూల దగ్గర దిమ్మెని తిప్పాలని తట్టడానికి చాలామంది పిల్లలకి సమయం పడుతుంది, గోడ తిన్నగా సాగిపోతూనే ఉంటుంది. తను కట్టినదానికి పేరు పెట్టి, అందులో కథ నడపడం నాలుగైదేళ్లకి.

ఇదంతా జరగాలంటే దిమ్మెలు కచ్చితంగా ఉండాలి. వంతెన కాళ్లు రెండూ ఒకే ఎత్తు లేకపోతే తప్పు చేయి చేసిందో చెక్క చేసిందో పాపకి తెలియదు. కొనేటప్పుడు రెండు సగం దిమ్మెల్ని పూర్తి దిమ్మె పక్కన ఆనించి, కొసమీద వేలు రాయండి. గట్టు తగిలితే ఆ సెట్టు వద్దు. ఒక్కచోట చిన్న తేడా, పది వరసల ఎత్తుకి గోపురాన్ని ఒరగబెడుతుంది. నాలుగు గోపురాలు, రెండు ఆర్చీలు, పది రంగులు ఉన్న పెట్టెకన్నా ఒకే కొలత దిమ్మెలు ఎక్కువున్న పెట్టె మేలు.

చెక్క దిమ్మెని నిలబెట్టేది బరువు ఒక్కటే. ఒకదాన్నొకటి పట్టుకునే ఇటుకలు వేరే చోట మొదలయ్యాయి. ఇంగ్లండ్‌లో హిల్లరీ ఫిషర్ పేజ్ పైన బొడిపెలు, కింద డొల్ల ఉన్న ప్లాస్టిక్ ఇటుకలు చేశాడు. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో చెక్కబొమ్మలు చేసే వడ్రంగి, లెగో సంస్థ స్థాపకుడు ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ ప్లాస్టిక్ అచ్చుయంత్రం కొన్నాడు. పేజ్ ఇటుకను చూసి, కొద్ది మార్పులతో 1949లో తనవి అమ్మాడు. లెగో ఇటుకకి పూర్వీకుడు పేజ్ ఇటుకే. దాని హక్కులను లెగో సంస్థ 1981లో కొనుక్కుంది.

ఆ తొలి ఇటుకలకి ఒక లోపముంది. లోపలంతా ఖాళీ కాబట్టి, బొడిపెలు అంచుగోడలకి తగిలిన చోటే పట్టు. కొంచెం ఎత్తు కట్టి కదిపితే ఊడిపోయేవి. ఓలే కొడుకు గాడ్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంట్‌కి దరఖాస్తు చేసిన పరిష్కారం, ఇటుక అడుగున గుండ్రటి గొట్టాలు. ఇక్కడి లెక్క చాలా అందంగా ఉంటుంది. బొడిపెల మధ్య దూరం చుక్కల ముగ్గులోలాగా ఎటు చూసినా 8 మిల్లీమీటర్లే. బొడిపె వ్యాసం 4.8. నాలుగు బొడిపెల చదరంలో మూల నుంచి మూలకి 11.31 మి.మీ. అందులోంచి ఒక బొడిపె వ్యాసం తీసేస్తే 6.51. గొట్టం బయటి వ్యాసం సరిగ్గా అంతే. నాలుగు బొడిపెల నడుమ అది బిగుతుగా దిగి నాలుగింటినీ తాకుతుంది. బిగువు నిలవడానికి పదార్థం కూడా ముఖ్యమే. మొదట్లో వాడిన సెల్యులోజ్ అసిటేట్ వంకరపోయేది. 1963 నుంచి ఏబీఎస్ ప్లాస్టిక్ వచ్చింది.

పట్టుకి బలం కావాలి, అది చిన్న వేళ్లకి లేదు. అందుకే 1969లో డూప్లో తెచ్చారు: పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు. ఏడాదిన్నర దాటిన పిల్లలు దాన్ని అరచేత్తో నొక్కగలరు, మింగలేరు. మామూలు ఇటుకలు డూప్లోమీద కూర్చుంటాయి కాబట్టి నాలుగేళ్లకి పాత పెట్టె పారేయక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం చిన్న ఇటుకలు నేలమీద ఉండకూడదు. ఆ వయసువాళ్ల బొమ్మలకి ఒక పరీక్ష ఉంది: 31.7 మి.మీ. వ్యాసమున్న గొట్టంలో పట్టేసే ముక్క ఏదీ ఉండరాదు. మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి.

ఇక తిరగడం. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంట్ తీసుకున్న లోహపు పట్టీలే తర్వాత మెకానో అయ్యాయి. పట్టీలో అర అంగుళానికొక రంధ్రం. అదే రంధ్రంలో బోల్టు బిగుస్తుంది, ఇరుసూ తిరుగుతుంది. నట్టు తిప్పే ఓపిక ఎనిమిదేళ్లకి ముందు అరుదు. 1977లో లెగో టెక్నిక్ వరసను తెచ్చి ఇటుక పక్కగోడకే రంధ్రాలు పెట్టింది, పళ్ల చక్రాలిచ్చింది. ఎనిమిది పళ్ల చక్రం వ్యాసార్ధం 4 మి.మీ., ఇరవై నాలుగు పళ్లది 12. కలిపితే 16, అంటే రెండు రంధ్రాల దూరం. పక్కపక్కన పెడితే అవి చక్కగా పెనవేసుకుంటాయి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒకటి తిరుగుతుంది. దానికి దారం చుడితే క్రేను, మెల్లగా అయినా బరువు లేపుతుంది.

చిక్కు నిలువుగా పెట్టినప్పుడు వస్తుంది. ఇటుక ఎత్తు 8 కాదు, 9.6. ఒక ఇటుకమీద ఇంకోటి నేరుగా పెడితే ఇరుసుల దూరం 9.6 అవుతుంది, చక్రాలు పట్టవు. మధ్యన పలచటి పలక ఒకటి వేస్తే 12.8, ఇంకా చాలదు. పలక మందం 3.2 కాబట్టి రెండు వేస్తే 16 కుదురుతుంది. ఒక పలకతో బలవంతంగా బిగించిన చోట ఇరుసు వంగి చక్రం కరకరలాడుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఆ చప్పుడు వింటే పైఇటుక ఊడదీసి రెండో పలక వేసుకోవాలి.