‘కేదారం’ అని రాసిన ఒక ఛాయాచిత్రం: వృక్షరేఖ, పచ్చిక, హిమరేఖల సాక్ష్యం

ఉమ్మడి విశాఖపట్నం జిల్లా చీడికాడలో ఒక ఇంటి గోడమీద ఉన్న పాత యాత్రా ఛాయాచిత్రం ఈ వ్యాసానికి ఆధారం. దాని వెనుక ‘కేదారం, మంచుకొండ’ అన్న రెండు మాటలు మాత్రమే ఉన్నాయి. తేదీ లేదు. ఇంటివారు దానిని కేదారనాథ్‌గానే చెప్పుకొంటున్నారు. యాత్రాచరిత్రకు ఇటువంటి చిత్రాలను ఆధారాలుగా స్వీకరించే ముందు, రాతను పక్కన పెట్టి కొండను చదవడం అవసరం.

రాతను పక్కన పెట్టమనడానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాట పొగమంచుకూ, గడ్డిమీది తుషారానికీ, హిమపాతానికీ చెల్లుతుంది. లంబసింగిలో చలికాలపు ఉదయాన కనిపించేదీ మంచే, హిమవత్పర్వతంమీద ఏడాది పొడవునా ఉండేదీ మంచే. కనుక ‘మంచుకొండ’ అన్న మాటనుబట్టి ఎత్తును ఊహించలేము.

చిత్రంలో చిన్న రాతిగుడి ఉంది. దాని చుట్టూ గడ్డి వాలు, వాలుకు దిగువన వంకర కొమ్మల పొదలు, ఇంకా దిగువన నల్లని అడవి అంచు. గుడి వెనుకనున్న నేల మెల్లగా పైకి లేచి ఒక గట్టుగా ముగుస్తుంది. దూరంగా తెల్లని శిఖరాలు. గుడి పక్క పల్లంలో మాత్రం ఒకటి రెండు తెల్లని మచ్చలు.

మొదట తేల్చవలసింది అడవి అంచు సంగతి. చెట్టు నిలువుగా ఎదగడానికి కావలసిన వేసవి వెచ్చదనం లేనిచోట అడవి ఆగిపోతుంది. అదే వృక్షరేఖ. గడ్డితల కనిపించిన ప్రతిచోటా వృక్షరేఖ ఉందనుకోవడం పొరపాటు. చీడికాడకు పైనున్న మాడుగుల కొండలనుంచి అరకు వరకు గడ్డితలలు చాలానే ఉన్నాయి. అవి పోడు, నిప్పు, మేత, పలుచని మట్టి వల్ల ఏర్పడినవి. తూర్పు కనుమల అత్యున్నత శిఖరం సుమారు 1,680 మీటర్లే. ఈ అక్షాంశంలో చలివల్ల చెట్లు ఆగిపోయే ఎత్తును అది అందుకోలేదు. భేదాన్ని చూపేది అంచు స్వరూపం. నిప్పు చేసిన అంచు తెగగొట్టినట్టు ఉంటుంది, లోయల్లో చెట్లు పైదాకా పాకుతాయి. చలి చేసిన అంచులో చెట్లు క్రమంగా పొట్టివై, పొదలై, చివరకు గడ్డిలో కలిసిపోతాయి. ఈ చిత్రంలో ఉన్నది రెండవ రకం. అయితే హిమాలయంలోనూ శతాబ్దాల మేత అడవి అంచును కిందికి నెట్టిన సందర్భాలున్నాయి. అందువల్ల అంచు నుంచి దొరికేది ఎత్తు పరిధి మాత్రమే, కచ్చితమైన అంకె కాదు.

గఢ్వాల్‌లో వృక్షరేఖ సుమారు 3,300 నుంచి 3,600 మీటర్ల మధ్య ఉంటుంది. దానికి పైనున్న పచ్చికబయలును అక్కడివారు ‘బుగ్యాల్’ అంటారు. శాశ్వత హిమం మొదలయ్యేది ఇంకా చాలా పైన, 5,000 మీటర్ల ప్రాంతంలో. గుడి అడవికి పైన, హిమానికి దిగువన ఉన్నది గనుక ఈ రెండింటి మధ్యదని చెప్పవచ్చు. అడవి అంచు దగ్గరే ఉంది గనుక దిగువ కొసకు దగ్గరని కూడా చెప్పవచ్చు.

పర్వతశ్రేణిని తేల్చడానికి పొదలు తోడ్పడతాయి. అవి బురాంశ్ జాతి పొదలను పోలి ఉన్నాయి. ఋతుపవనాలు తడిపే దక్షిణపు వాలుల్లో ఇవి దట్టంగా పెరుగుతాయి. లద్దాఖ్ వంటి ఎండుప్రాంతంలో ఇటువంటి అడవిపట్టీయే కనిపించదు. నీరు పారే లోయల్లో నాటిన పాప్లర్, విల్లో చెట్లు, పైన బోడికొండ, అంతే. అక్కడ హిమరేఖ కూడా ఎక్కువ ఎత్తులో ఉంటుంది. టిబెట్ వైపు హిమరేఖ భారతదేశం వైపుకన్నా పైన ఉండటం 19వ శతాబ్ది ఆరంభంలోనే హంబోల్ట్ దృష్టికి వచ్చింది. చలి ఎక్కువైనచోటే హిమం కిందికి దిగుతుందన్న ఊహకు ఇది విరుద్ధం. హిమరేఖను చలితోపాటు కురిసే మంచు పరిమాణమూ నిర్ణయిస్తుంది.

ఇంతవరకు కేదారనాథ్‌కు అడ్డు లేదు. దాని ఎత్తు సుమారు 3,580 మీటర్లు. కాని కేదారనాథ్ ఒక లోయ చివర ఉన్న చదునునేలమీద ఉంది. గుడి వెనుకనే హిమానీనదాల గోడ నిలుస్తుంది. ఈ చిత్రంలో గుడి గట్టువాలుమీద ఉంది, హిమశిఖరాలు దూరంగా ఉన్నాయి. సుమారు 3,680 మీటర్ల ఎత్తున, చంద్రశిల గట్టుకు కింద ఉన్న తుంగనాథ్‌కు ఈ అమరిక సరిపోతుంది. రెండు గుళ్ల మధ్య తేడా వంద మీటర్లే. వృక్షరేఖ ఒక్కటే వాటిని విడదీయలేదు, నేల అమరిక విడదీసింది. తుది నిర్ధారణకు శిఖరాల రూపురేఖను చౌఖంబాతో పోల్చిచూడాలి. చిత్రం ఆ భాగంలో వెలిసిపోయింది గనుక తుంగనాథ్ అన్న గుర్తింపును బలమైన ఊహగానే ఉంచుతున్నాను.

పల్లంలోని మచ్చలు శాశ్వత హిమం కావు. శీతాకాలంలో కురిసి, నీడలో కరగకుండా మిగిలినవి. శీతాకాలంలో తుంగనాథుని ఉత్సవమూర్తిని మక్కూమఠానికి తరలిస్తారు. చిత్రంలో గుడి తలుపులు తెరిచి, ముందు యాత్రికులు నిలబడి ఉన్నారు. కనుక ఇది మే నెల లేదా జూన్ మొదటి రోజులది కావచ్చు. ఏ సంవత్సరమో మాత్రం కొండ చెప్పదు.

ఇక వెనుక రాసిన మాట. పంచకేదారాలలో తుంగనాథ్ ఒకటి. ‘కేదారం’ అని రాసినవారు తప్పు రాయలేదు. దానిని కేదారనాథ్‌గా చదివినది తరువాతి తరం.